అంగడి ఫోన్‌లో కేటలాగ్, ఆటో రిప్లై: వాడుకగా కొనే ఇళ్ల కోసం ఎలా అమర్చుకోవాలి

హోసూరులో మాది చిన్న మళిగె అంగడి. తాతల కాలం నుంచి ఒకే ఇళ్లవాళ్లు మా దగ్గర సామాను కొంటున్నారు. మత్తిగిరి, బాగలూరు, కెలమంగలం వైపు నుంచి కూడా నెలకోసారి చీటీ పంపేవాళ్లున్నారు. ఆ చీటీ ఇప్పుడు వాట్సాప్‌లో వస్తుంది. అందుకని అంగడి నంబరును వాట్సాప్ బిజినెస్ యాప్‌లోకి మార్చుకున్నాం. మార్చిన కొన్నాళ్లకే ఒక తప్పు జరిగింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఒక ఆదివారం రాత్రి, అంగడి మూసిన తరువాత, మాకు బాగా కావలసిన ఒక ఇంటి నుంచి సందేశం వచ్చింది. మరుసటి రోజు వాళ్లింట్లో తిథి. కావలసిన పప్పులు, బెల్లం, నెయ్యి అన్నీ రాసి, "పొద్దున 6 గంటలకు మనిషిని పంపిస్తాం, కట్టిపెట్టండి" అని అడిగారు. మేము నిద్రపోయి ఉన్నాం. ఫోన్ మాత్రం తనంతట తానే బదులిచ్చింది: "మీ ఆర్డర్ అందింది. ధన్యవాదాలు." ఆ మాట మేము రాసిపెట్టిందే, బాగుంటుందని. ఆరు గంటలకు మనిషి వచ్చి మూసిన తలుపు చూసి వెళ్లిపోయాడు. మేము ఏడుకు తెరిచి చూసేసరికి వాళ్లు ఎక్కడెక్కడో తిరిగి సామాను తెచ్చుకున్నారు. ఆ ఇంటి అవ్వ కోప్పడలేదు. "ఏం నాయనా, అందింది అని నువ్వే చెప్తివి కదా" అని మాత్రం అన్నది. దానికి మా దగ్గర జవాబు లేదు.

తప్పు యాప్‌ది కాదు, మేము అమర్చిన తీరుది. ఈ యాప్‌లోని సౌకర్యాలు ఎక్కువగా కొత్తవాళ్లను పలకరించడానికి తగినట్టు ఉంటాయి. మనలాంటి అంగళ్లకు వచ్చేది కొత్తవాళ్లు కాదు, ముఖం చూసి ఖాతా రాసుకునేవాళ్లు. వాళ్లకోసం వాటిని వేరే విధంగా అమర్చాలి. ఎలాగో వరుసగా చెబుతాం. అంగడి లేనివాళ్లు కూడా చదవండి. ఫోన్‌లో సామాను చెప్పేటప్పుడు ఏ మాటను నమ్మాలో, ఏ మాటను నమ్మకూడదో తెలుస్తుంది.

మూడు రకాల బదులు

ఫోన్ నుంచి వెళ్లే తయారు మాటలు మూడు రకాలు. యాప్‌లో Business tools అనే చోట మూడూ ఉంటాయి. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నా పని వేరు.

మొదటిది Greeting message. ఎవరైనా మొదటిసారి రాసినప్పుడు ఇది తనంతట తానే వెళుతుంది. ఇంకో సందర్భంలో కూడా వెళుతుందని మేము ఆలస్యంగా గమనించాం. 14 రోజులు ఇద్దరి మధ్య ఏ సందేశమూ నడవకపోతే, ఆ తరువాత వాళ్లు రాసినప్పుడు మళ్లీ వెళుతుంది. నెలకోసారి సామాను చెప్పే ఇంటికి దీని ఫలితం ఏమిటో ఆలోచించండి. ఒకటో తేదీన చీటీ పంపుతారు, రెండో తేదీన సామాను చేరుతుంది, తరువాత మాట ఉండదు. వచ్చే నెల ఒకటో తేదీకి 14 రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. ముప్పై ఏళ్లుగా మన దగ్గర కొనే ఇంటికి ప్రతి నెలా "మా అంగడికి స్వాగతం, మేము మీకు ఎలా సహాయపడగలం" అని వెళుతుంది. మా వియ్యంకులకు కూడా ఒకసారి ఇదే వెళ్లింది. పెళ్లి ముహూర్తం మాట్లాడడానికి వాళ్లు రాస్తే, అంగడికి వచ్చినందుకు ధన్యవాదాలు చెప్పాం.

రెండోది Away message. అంగడి మూసి ఉన్నప్పుడు వెళ్లేది ఇది. తిథి సామాను విషయంలో మాకు చిక్కు తెచ్చింది ఇదే.

మూడోది Quick replies. ఇది ఆటో రిప్లై కాదు. రోజూ పదిసార్లు రాసే మాటలను ముందే దాచుకొని, చాట్‌లో గీత గుర్తు / కొట్టి ఎంచుకుంటాం. మాట పెట్టెలోకి వస్తుంది, పంపేముందు దిద్దుకోవచ్చు, పంపే వేలు మనదే. ఇలాంటివి 50 దాకా దాచుకోవచ్చు.

ఈ తేడానే అసలు సంగతి. మొదటి రెండూ మనం చూడకుండానే వెళతాయి, మూడోది మనం చూసిన తరువాతే వెళుతుంది. కాబట్టి ఒప్పుకునే మాట ఏదైనా మూడోదానిలోనే ఉండాలి. "సరే", "అందింది", "కట్టిపెడతాం" వంటి మాటలు మొదటి రెండింటిలో ఒక్కటి కూడా ఉండకూడదు. మా అంగడిలో ఇప్పుడు ఇదే నియమం.

ఎవరికి వెళ్లాలి, ఎవరికి వెళ్లకూడదు

Greeting message, Away message రెండింటిలోనూ Recipients అనే వరుస ఉంటుంది. చాలామంది దాన్ని తాకరు. తాకకపోతే అందరికీ వెళుతుంది. దానిలో నాలుగు దారులున్నాయి: Everyone అంటే అందరికీ, Everyone not in address book అంటే ఫోన్‌లో పేరు దాచుకోనివాళ్లకు మాత్రమే, Everyone except... అంటే కొందరు తప్ప అందరికీ, Only send to... అంటే ఎంచినవాళ్లకే.

పలకరింపుకు రెండోదాన్ని ఎంచుకున్నాం. వాడుకగా కొనే ఇళ్లన్నిటి పేర్లూ ఫోన్‌లో దాచి ఉన్నాయి కాబట్టి వాళ్లకు ఇక స్వాగతాలు వెళ్లవు. సిప్కాట్ కంపెనీల్లో పనికి కొత్తగా వచ్చి చేరినవాళ్లు ఎవరైనా రాస్తే వాళ్లకే వెళుతుంది. దీనికి ముందు ఒక పూట కూర్చొని చేయవలసిన పని ఉంది. పాత చాట్లన్నీ తెరిచి, పేరు లేని నంబర్లకు ఇంటి పేరు, వీధి పేరు చేర్చి దాచుకోవాలి. ఒకే ఇంట్లో అవ్వకు ఒక నంబరు, బెంగళూరులో పనిచేసే మనవడికి ఒక నంబరు ఉంటాయి. చీటీ ఎవరి ఫోన్ నుంచైనా రావచ్చు. రెండూ దాచాలి.

మూసిన వేళ వెళ్లే మాటకు మూడోదాన్ని ఎంచుకున్నాం. బంధువులు, ఇంటివాళ్లు, సరుకు ఇచ్చే మండీవాళ్లు తప్ప అందరికీ వెళుతుంది. వాడుక ఇళ్లకు ఇది వెళ్లాలి, ఎందుకంటే మేము చూడలేదని వాళ్లకు తెలియాలి. మాట మాత్రం మార్చాం. ఇప్పుడు ఇలా ఉంది:

"అంగడి మూసి ఉంది. మీరు రాసినది మేము ఇంకా చూడలేదు. పొద్దున 7 గంటలకు తెరిచి చూస్తాం. మేము చూసి 'సరే' అని రాస్తేనే సామాను ఖాయం. తెల్లవారకముందే కావాలంటే ఇప్పుడే ఫోన్ చేయండి."

దీనిలో ధన్యవాదాలు లేవు. చదివినవాళ్లకు కావలసినవి మూడే: చూశారా లేదా, ఎప్పుడు చూస్తారు, తొందరగా కావాలంటే ఏం చేయాలి. ఆ మూడూ ఉన్నాయి.

ఈ మాట ఎప్పుడు వెళ్లాలో కూడా Schedule లో చెప్పాలి. Always send అని పెడితే అంగడి తెరిచి ఉన్నప్పుడు కూడా వెళుతుంది. Outside of business hours అని పెడితే, మనం ప్రొఫైల్‌లో రాసిన వేళల ప్రకారం నడుస్తుంది. ఆ వేళలు రాయకుండా, లేదా ఎప్పుడూ తెరిచే ఉంటాం అని పెట్టి, దీన్ని ఎంచుకుంటే ప్రయోజనం లేదు. ఉగాదికో, చంద్రచూడేశ్వరస్వామి తేరుకో ఒక పూట మూసినప్పుడు Custom schedule లో ఆ పూట మొదలూ చివరా రాస్తే సరిపోతుంది. పండుగ అయిన తరువాత మళ్లీ పాత అమరికకు తిప్పడం మరిచిపోకూడదు.

ఇంకో హద్దు ఉంది. ఈ బదులు వెళ్లాలంటే అంగడి ఫోన్‌కు ఆ వేళ ఇంటర్నెట్ ఉండాలి. రాత్రి ఫోన్ ఆర్పేస్తే, డేటా కట్టేస్తే, ఏ మాటా వెళ్లదు. మేము ఫోన్‌ను చార్జింగ్‌లో పెట్టి వైఫై ఉన్న చోట వదులుతాం. సరిగా వెళుతోందా అని తెలుసుకోవడానికి, పేరు దాచుకోని ఇంకో నంబరు నుంచి రాత్రి మనమే ఒక సందేశం పంపి చూసుకోవాలి.

కేటలాగ్‌లో ఏమి పెట్టాలి

కేటలాగ్ అంటే అంగడి అల్మారాను ఫోన్‌లో చూపించడం. ఒక్కో వస్తువుకు ఫోటో, పేరు, ధర, రెండు మాటల వివరం, ఒక కోడ్ రాయవచ్చు. 500 వస్తువుల దాకా, ఒక్కోదానికి 10 ఫోటోల దాకా పెట్టవచ్చు. అంత పెట్టాలని మేమూ మొదలుపెట్టాం. వందో వస్తువు దగ్గర ఆపేశాం. ధరలు మారినప్పుడల్లా వందచోట్ల దిద్దాలని అప్పుడు అర్థమైంది. దిద్దని కేటలాగ్ లేని కేటలాగ్ కంటే చెడ్డది. పాత ధర చూసి వచ్చినవాళ్లతో గల్లా దగ్గర వాదన వస్తుంది.

అప్పుడు ఒక లెక్క వేశాం. గడిచిన నెల సందేశాలు చదివి, "ఉందా?", "ఎంత?", "ఎప్పుడొస్తుంది?" అని దేన్ని గురించి అడిగారో ఒక కాగితం మీద గీతలు గీశాం. ఉప్పు, పంచదార గురించి ఎవరూ అడగరు, ఉంటుందని తెలుసు. అడిగినవి రాగిపిండి, కొత్త చింతపండు, గానుగ నూనె, బెల్లం, ఊరగాయ మామిడికాయలు, పూజ సామాను లాంటివి. అలాంటి నలభై వస్తువులే ఇప్పుడు కేటలాగ్‌లో ఉన్నాయి.

ధర విషయంలో వస్తువులను రెండుగా విడదీశాం. పొట్లం మీద ధర ఉన్నవాటికి, నెలకోసారి మారేవాటికి ధర రాస్తాం. కొబ్బరికాయ, ఉల్లిగడ్డ, పూలు లాంటి వాటికి ధర రాయం. ధర గడిని ఖాళీగా వదలవచ్చు. వివరంలో "ఈ రోజు ధర అడగండి" అని ఉంటుంది. పండుగ ముందు రోజు పూల ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. దాన్ని రాసిపెట్టడం మనల్ని మనమే కట్టేసుకోవడం. ఇంకో మాట. అంగడి నంబరు ఉన్నవాళ్లు ఎవరైనా కేటలాగ్ చూడగలరు, అందరికీ ఒకటే ధర కనబడుతుంది. పాత ఇళ్లకు మీరు ఒక రూపాయి తగ్గించి ఇస్తుంటే ఆ సంగతి ఖాతా పుస్తకంలోనే ఉండనివ్వండి.

కొలత గురించి ఒక చిక్కు. కొనేవాళ్లు వస్తువులను కార్ట్‌లో వేసి ఒకే సందేశంగా పంపగలరు. కానీ కార్ట్‌కు ఒకటి, రెండు, మూడు అనే లెక్కే తెలుసు, అర, పావు తెలియవు. పేరు "బెల్లం" అని మాత్రం రాస్తే, 2 అని వచ్చినప్పుడు అది రెండు కిలోలా, రెండు అచ్చులా తెలియదు. అందుకని కొలతను పేరులోనే రాయాలి: "బెల్లం 1 కిలో", "బెల్లం అర కిలో" అని రెండు వస్తువులుగా. కిలోన్నర కావలసినవాళ్లు రెండింటినీ ఒక్కొక్కటి వేసుకుంటారు.

ఏ లిపిలో రాయాలి

మన ఊళ్లలోనే వచ్చే ప్రశ్న ఇది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. పెద్దవాళ్లలో కొందరు తెలుగు చదువుతారు. పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదివినవాళ్లు, చాలామందికి తెలుగు మాటే వచ్చు, అక్షరం రాదు. పక్క వీధిలో కన్నడం మాట్లాడే ఇళ్లు. తెలుగులో మాత్రమే రాస్తే మన మనవళ్లకే తెలియదు. తమిళంలో మాత్రమే రాస్తే అవ్వ మాటకూ ఫోన్‌లో మాటకూ కలవదు. అవ్వ "కంది బేడలు" అంటుంది, మనవడు "తువరం పరుప్పు" కోసం వెతుకుతాడు. అవ్వ "శెనక్కాయ విత్తనాలు" అంటే మనవడు శనగపప్పు కార్ట్‌లో వేసిన రోజులున్నాయి.

మేము చేసినది ఇది. పేరు గడిలో మొదట తెలుగు పేరు తెలుగు అక్షరాలతో, పక్కనే తమిళ పేరు తమిళ అక్షరాలతో రాశాం. వివరంలో ఇంగ్లీషు, కన్నడ పేర్లు. ఫోటో మాత్రం మా అంగడిలోని వస్తువునే తెల్ల పళ్లెంలో పోసి, పగటి వెలుతురులో తీశాం. పొట్లం బొమ్మ కంటే పళ్లెంలోని గింజను చూసి అవ్వ గుర్తుపడుతుంది.

దానికి తోడు కోడ్. ఒక్కో వస్తువుకు Item code అనే గడిలో 1 నుంచి 40 దాకా అంకెలు వేశాం. అదే వరుసను పెద్ద అక్షరాలతో తెలుగులో, తమిళంలో ఒక కాగితం మీద అచ్చు వేసి, నెల సామానుతో పాటు ఇంటింటికీ పంపాం. వంటింటి గోడకు అంటించుకున్నారు. ఇప్పుడు అవ్వలు టైపు చేయనక్కరలేదు, కార్ట్ తెరవనక్కరలేదు. "నాయనా, ఏడు రెండు, పన్నెండు ఒకటి" అని గొంతు సందేశం పంపుతారు. వినేవాళ్లకు ఏ భాష వచ్చినా అంకె ఒకటే. ఒక వస్తువు తీసేస్తే దాని అంకెను ఇంకోదానికి ఇవ్వకూడదు, గోడ మీది కాగితం తప్పవుతుంది.

వెంటనే కనబడదు, అన్నీ కనబడవు

వస్తువు చేర్చిన వెంటనే అందరికీ కనబడదు. వాట్సాప్ దాన్ని పరిశీలించి ఒప్పుకున్న తరువాతే కనబడుతుంది. కాబట్టి ఉగాది వేప పువ్వు, మామిడాకులు పండుగ ముందు రాత్రి కాదు, వారం ముందే చేర్చాలి. పండుగ అయిపోగానే తుడిచేయకుండా Hide item తో దాచితే, మరుసటి ఏడు మళ్లీ తెరవవచ్చు, కోడ్ కూడా మారదు. సరుకు అయిపోయినప్పుడు కూడా ఇదే మంచిది.

కొన్ని వస్తువులను వాట్సాప్ నియమాలు ఒప్పుకోవు. బీడీ, సిగరెట్ వంటి పొగాకు వస్తువులు, మందు మాత్రలు, ప్రాణమున్న కోళ్లు, గొర్రెలు వాటిలో కొన్ని. తలనొప్పి మాత్ర అంగడిలో అమ్ముతున్నాం కదా అని కేటలాగ్‌లో పెట్టకూడదు.

ఒక చీటీ ఎలా నడుస్తుంది

మొత్తం కలిపి చూద్దాం. శనివారం రాత్రి 9:30కు ఒక ఇంటి నుంచి కార్ట్ వస్తుంది: రాగిపిండి 1 కిలో రెండు, బెల్లం 1 కిలో ఒకటి, బెల్లం అర కిలో ఒకటి, కొబ్బరికాయలు నాలుగు. అంగడి మూసి ఉంది కాబట్టి, చూడలేదన్న మాట వాళ్లకు వెళుతుంది. ఆదివారం పొద్దున 7కు చూస్తాం. కార్ట్ అంటే చీటీ మాత్రమే. డబ్బు కట్టినట్టు కాదు, బిల్లు కాదు, సరుకు పక్కకు పెట్టినట్టూ కాదు. దానిలో కనబడే మొత్తం అంచనాయే. అల్మారా చూస్తే అర కిలో బెల్లం పొట్లాలు అయిపోయాయి, కొబ్బరికాయ ధర మారింది. అప్పుడు చాట్‌లో ఇలా కొడతాం:

```
/sare
```

దాచుకున్న మాట వస్తుంది: "సరే, చూశాం. ___ గంటలకు కట్టిపెడతాం. మొత్తం ___ రూపాయలు." ఖాళీలు నింపి, కింద "అర కిలో బెల్లం లేదు, కిలో అచ్చు పగలగొట్టి ఇస్తాం, సరేనా అక్కా?" అని చేర్చి పంపుతాం. ఆ చివరి వాక్యం ఏ యంత్రమూ రాయదు. వాడుక ఇల్లు మన దగ్గరకు వచ్చేది దానికోసమే. అవ్వ ఫోన్ అయితే అక్షరాలకు బదులు మేమూ గొంతు సందేశమే పంపుతాం.

నంబరు మార్చేముందు

యాప్‌కు రుసుము లేదు. ఒకే నంబరు మామూలు వాట్సాప్‌లోనూ బిజినెస్ యాప్‌లోనూ ఒకేసారి నడవదు. ఇంటి నంబరే అంగడి నంబరైతే, అంగడికి వేరే నంబరు తీసుకోవడం మేలు. లేకపోతే వియ్యంకులకు స్వాగతాలు వెళ్లే సంగతి పైన చెప్పాం. పాత నంబరునే మార్చేటట్టయితే ముందు చాట్లు బ్యాకప్ చేసుకోండి, ఎందుకంటే పాత చీటీలు వాటిలోనే ఉంటాయి. "ఆటో రిప్లై పెట్టిస్తాం" అని ఎవరైనా ఫోన్ చేసి ఆరంకెల కోడ్ అడిగితే చెప్పవద్దు. ఆ కోడ్ చెబితే మీ నంబరు వాళ్ల చేతికి పోతుంది, మీ ఖాతా ఇళ్లన్నిటినీ మీ పేరుతో డబ్బు అడగగలరు.

కొనే ఇళ్లవాళ్లకు ఒక్క మాట. ఏ అంగడికి రాసినా, రాసిన మరుక్షణమే వచ్చిన బదులు మనిషి రాసినది కాకపోవచ్చు. మీ వస్తువు పేరో, మీరు అడిగిన వేళో దానిలో లేకపోతే సామాను ఖాయం కాలేదనే అనుకోండి. తిథికో, పెళ్లికో కావలసినదైతే సందేశంతో ఆగకుండా ఫోన్ చేయండి. ఆ ఇంటి అవ్వ ఇప్పుడు అలాగే చేస్తున్నది. ముందు ఫోన్ చేసి, "ఇది నువ్వేనా, ఫోనా?" అని అడిగి, ఆ తరువాతే అంకెలు చెబుతుంది.